చప్పుడు అలాగే ఉంది, బాధ తగ్గింది: ఒక రైస్ మిల్లు ఆపరేటర్ టినిటస్ కేసు

బయట ఏ శబ్దమూ లేకుండానే చెవిలో చప్పుడు వినపడటాన్ని టినిటస్ అంటారు. సత్తయ్య చికిత్స మొదట్లోనూ చివర్లోనూ ఆయన చెవిలోని ఆ చప్పుడును వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు కొలిచారు. హెడ్‌ఫోన్‌లో రకరకాల స్వరాలు వినిపించి, ఆయన చెవిలో మోగేదానికి ఏది దగ్గరగా ఉందో అడిగి, అది ఎంత పెద్దగా ఉందో సరిపోల్చే పరీక్ష అది. మొదటిసారి సుమారు 4,000 హెర్ట్జ్ స్వరం సరిపోలింది. ఆ స్వరం ఆయనకు వినపడే కనీస స్థాయి కంటే 6 డెసిబెల్స్ పైన ఉంది. చికిత్స అయ్యాక కొలిస్తే అదే స్వరం, 7 డెసిబెల్స్. ఇంత చిన్న తేడా ఈ పరీక్షలో లెక్కలోకి రాదు. అంటే చప్పుడు మారలేదు. అయినా ఈ రెండు కొలతల మధ్య ఆయన రాత్రిళ్ళు నిద్రపోవడం మొదలుపెట్టారు, మానేసిన పనులు మళ్ళీ చేయసాగారు. అది ఎలా జరిగిందో వివరంగా రాస్తున్నాను. పేరు, గుర్తుపట్టగల వివరాలు మార్చాను.

ఆయనకు 49 ఏళ్ళు. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో చాలా ఏళ్ళుగా మిషన్ ఆపరేటర్. కూతురి పెళ్ళి బరాత్‌లో డీజే స్పీకర్ పక్కనే గంటల తరబడి నిలబడ్డారు. ఆ రాత్రి రెండు చెవుల్లో 'కీ...' అని మొదలైంది. అంతకుముందు కూడా సన్నగా ఏదో వినపడేదని, పట్టించుకోలేదని తర్వాత చెప్పారు. పెళ్ళి అప్పు, రాత్రి షిఫ్టులు, పైన ఈ చప్పుడు. నా దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది నెలలైంది. ఈలోగా విటమిన్ మాత్రలు, తల తిరుగుడుకు ఇచ్చే మాత్రలు, జింకో మాత్రలు వాడారు. అప్పు చేసి ఎమ్మారై కూడా తీయించుకున్నారు. అది నార్మల్. నిజానికి చప్పుడు రెండు చెవుల్లో సమానంగా ఉండి, వినికిడి తేడా కూడా రెండు వైపులా ఒకేలా ఉంటే ఎమ్మారై సాధారణంగా అవసరం పడదు. ఒక్క చెవిలోనే మోగుతున్నా, నాడి కొట్టుకున్నట్టు లయగా వినపడుతున్నా, ఒక చెవి వినికిడి రెండోదానికంటే బాగా తగ్గినా అప్పుడు తప్పకుండా చూడాలి. వినికిడి ఒక్కసారిగా పడిపోతే అది అత్యవసరం, అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఈ తలుపులన్నీ డాక్టర్ మూసాకే కేసు సైకాలజిస్టు దగ్గరికి రావాలి. సత్తయ్య విషయంలో అది సరిగానే జరిగింది. వినికిడిని గీతగా చూపించే ఆడియోగ్రామ్‌లో రెండు చెవులకూ 4,000 హెర్ట్జ్ దగ్గర 50 డెసిబెల్స్ వరకు గుంట కనిపించింది. ఏళ్ళ తరబడి పెద్ద చప్పుళ్ళలో పనిచేసినవాళ్ళకు ఉండే గుర్తు అది.

ఒక డాక్టర్ ఆయనతో "దీనికి మందు లేదు, అలవాటు చేసుకోవాలి" అన్నారట. మాటలో తప్పు లేదు, కానీ ఎలా అలవాటు చేసుకోవాలో ఆ మాటలో లేదు. సత్తయ్య దాన్ని శిక్షలా విన్నారు. నా ముందు కూర్చోగానే అడిగిన మొదటి మాట: "మేడమ్, ఇది పోతదా పోదా, ఒక్క మాట చెప్పుండ్రి."

పోతుందని నేను హామీ ఇవ్వలేనని, నా దగ్గర చేసే పని చప్పుడును తీసేయడానికి కాదని మొదటి రోజే చెప్పాను. ఈ మాట దాచిపెట్టి మొదలుపెడితే నాలుగో వారానికి రోగి వెళ్ళిపోతాడు. ఆయన లేచి వెళ్ళిపోలేదు కానీ ముఖం మాడింది. "మరి మీరు చేసేదేంది?" అన్నారు.

అప్పుడు ఆయన మిల్లు గురించే అడిగాను. ఎలివేటర్లు, పాలిషర్లు, బ్లోయర్ అన్నీ మోగుతుంటే డ్యూటీ మధ్యలో కునుకు తీస్తారా? తీస్తారట. మరి మెలకువ ఎప్పుడు వస్తుంది? "బేరింగ్ సౌండ్ కొంచెం మారితే సాలు, లేసి కూసుంట." అంత పెద్ద హోరులో నిద్రపట్టి, సన్నని బేరింగ్ మోతకు మెలకువ వస్తుందంటే, మెదడు చప్పుడు సైజు చూడటం లేదు, దాని అర్థం చూస్తోంది. బేరింగ్ మోత అంటే ప్రమాదం. చెవిలోని కీచుమోతను కూడా ఆయన మెదడు ఆ ఖాతాలోనే రాసుకుంది. ప్రమాదమని రాసుకున్నదాన్ని మెదడు నిద్రలో కూడా వెతుకుతుంది. మేం పని చేసేది ఆ రాతమీద.

నేను చేసే చికిత్స పేరు సీబీటీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. ఇక్కడ దాని వెనక ఉన్న ఆలోచన కొంచెం చెప్పాలి. వినికిడి తగ్గినచోట మెదడు తన వైపు నుంచి వాల్యూమ్ పెంచుకుంటుందని, ఆ పెంపులోంచే ఇలాంటి చప్పుడు పుడుతుందని చాలామంది పరిశోధకులు భావిస్తారు. నిశ్శబ్దమైన గదిలో కూర్చోబెడితే వినికిడి బాగున్నవాళ్ళలో కూడా ఎక్కువమందికి ఏదో ఒక చప్పుడు వినపడుతుంది. 1953లో హెలర్, బర్గ్‌మన్ అనే ఇద్దరు 80 మందితో చేసిన ప్రయోగంలో తేలిన సంగతి ఇది. చప్పుడు వినపడేవాళ్ళందరూ బాధపడరు. బాధపడేవాళ్ళలో ఒక చక్రం కనిపిస్తుంది. 'ఇది పెరిగి చెవుడొస్తుంది' అనే తలంపు వస్తుంది, ఒళ్ళు బిగుస్తుంది, దృష్టి చెవిమీదికి పోతుంది, చప్పుడు ఇంకా స్పష్టంగా వినపడుతుంది, దాంతో తలంపు నిజమే అనిపిస్తుంది. ఈ చక్రాన్ని తిప్పుతూ ఉంచేది ఎక్కువగా మనిషి తనను కాపాడుకోవడానికి చేసే పనులే.

సత్తయ్య చేసే అలాంటి పనుల జాబితా ఆయన భార్య చెప్పారు. రాత్రి రెండింటికి లేచి వంటగదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, ఎంత మోగుతుందో వింటాడు. పొద్దున లేవగానే మళ్ళీ వింటాడు. ఇంట్లో ఉన్నంతసేపు టీవీ పెద్దగా పెడతాడు. చెవుల్లో దూది పెట్టుకుంటాడు. గుళ్ళో భజనకు పోవడం మానేశాడు. యూట్యూబ్‌లో చిట్కాలు వెతుకుతాడు. ఆయన చెప్పని ఇంకొక సంగతి తర్వాత బయటపడింది: మిల్లులోనే హాయిగా ఉంటుందని అదనపు షిఫ్టులు చేస్తున్నారు, అదీ ఇయర్ ప్లగ్స్ లేకుండా. పెద్ద మోతలో చిన్న మోత మునిగిపోతుంది కాబట్టి. చప్పుడు నుంచి తప్పించుకోవడానికి చెవిని మరింత పాడుచేసే చోటికి వెళ్తున్నారన్నమాట. ఈ కేసులో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే.

మొదటి వారం కొలతల్లో టీహెచ్‌ఐ అనే 25 ప్రశ్నల పత్రంలో వందకు 68 వచ్చింది. చప్పుడు వల్ల జీవితం ఎంత దెబ్బతిందో చెప్పే పత్రం ఇది. 58 నుంచి 76 మధ్య వస్తే తీవ్రం అంటారు. నిద్రలేమి పత్రంలో 28కి 19. మనసు కుంగుదల కూడా మధ్యస్థంగా ఉంది. 'బతకాలని లేదు అనిపిస్తుందా' అని నేరుగా అడిగాను. "ఒక్కోపాలి ఇట్ల బతికేకంటే... అనిపిస్తది, కానీ పిల్లలున్నరు" అన్నారు. ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన గానీ ప్రయత్నం గానీ లేదు. అయినా ఆయన భార్యతో మాట్లాడి, అలాంటి రాత్రి వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఎక్కడికి రావాలో కాగితం మీద రాసుకున్నాక గానీ ముందుకు వెళ్ళలేదు. టినిటస్ కేసులో ఈ ప్రశ్న అడగకుండా వదలకూడదు.

మొదట ఇచ్చిన ఇంటిపని ఒక చిన్న నోట్‌బుక్. రోజుకు మూడుసార్లు రెండు అంకెలు వేయాలి: చప్పుడు ఎంత పెద్దగా ఉంది, దానివల్ల ఎంత బాధగా ఉంది. రెండూ సున్నా నుంచి పది వరకు. పక్కన ఒక్క ముక్కలో అప్పుడు ఏం ఆలోచిస్తున్నారో రాయాలి. "రెండూ ఒకటే గదా మేడమ్" అన్నారు. చాలామంది అదే అంటారు, మొదటి నాలుగు రోజుల అంకెలు కూడా అలాగే వస్తాయి. సత్తయ్యకూ వచ్చాయి, 7-7, 8-8 అని. ఆదివారం బామ్మర్ది పొలంలో వరి కోత మిషన్ దగ్గర నిలబడ్డప్పుడు మాత్రం 7-3 అని వేశారు. అదే రాత్రి రెండింటికి 5-8. పగలు ఎక్కువ మోగినా బాధ లేదు, రాత్రి తక్కువ మోగినా తట్టుకోలేకపోయారు. పక్కన రాసింది చూశాను. పొలంలో "మిషన్ బెల్టు చూస్తున్న" అని ఉంది. రాత్రి "నిద్ర లేకుంటే రేపు మిషన్‌ల చెయ్యి పెడత" అని ఉంది.

ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూపించడమే నా దృష్టిలో ఈ చికిత్సలో సగం పని. బాధ చప్పుడు నుంచి నేరుగా రాదని నేను ఎంత చెప్పినా నమ్మరు. తన చేతిరాతలో చూస్తే నమ్ముతారు. ఇక్కడ సాటి సైకాలజిస్టులకు ఒక మాట. కొలిచింది 6 డెసిబెల్సే కదా అని రోగికి చూపించి 'ఇంత చిన్నదానికా' అనేలా మాట్లాడకండి. వినికిడి పోయిన స్వరాల దగ్గర కొద్ది డెసిబెల్సే చాలా పెద్దగా వినపడవచ్చు. పైగా ఆయన బాధ అబద్ధమన్నట్టు ధ్వనిస్తుంది.

తర్వాత దృష్టి మార్చే అభ్యాసం. గదిలో కూర్చుని ఒక నిమిషం చెవిలోని చప్పుడునే వినడం, ఒక నిమిషం చెప్పుల్లో పాదం తగిలే చోటును గమనించడం, ఒక నిమిషం ఫ్యాను, మళ్ళీ చెవి. మొదటిసారి చేశాక "ఫ్యాను వినేటప్పుడు ఇది ఎటో పోయింది" అన్నారు. ఎటూ పోలేదని, దృష్టి మాత్రమే వేరేచోట ఉందని మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఎందుకంటే ఇక్కడే పని దారి తప్పుతుంది.

తప్పింది కూడా. ఒళ్ళు సడలించే శ్వాస అభ్యాసం నేర్పాక వచ్చిన వారం ఆయన నిరాశగా ఉన్నారు. "రోజు చేస్తున్న, అయినా ఉంది." అభ్యాసం ఎలా చేస్తున్నారో చేసి చూపించమన్నాను. కళ్ళు మూసుకుని పదిసార్లు శ్వాస తీసుకుని, కళ్ళు తెరవగానే తల కొంచెం పక్కకు వంచారు. వింటున్నారు, పోయిందా లేదా అని. శ్వాస కూడా తనిఖీ పనిలో భాగమైపోయింది. ఇది టినిటస్ సీబీటీలో తరచుగా జరిగేదే, గుర్తుపట్టడం కూడా సులువే: అభ్యాసం అయ్యాక రోగి చెప్పే మొదటి మాట చప్పుడు గురించి అయితే, ఆ అభ్యాసాన్ని ఆయన చప్పుడును చంపడానికి వాడుతున్నారు. అలాంటప్పుడు అభ్యాసం పెంచితే ఇంకా పాడవుతుంది. నేను శ్వాసను రెండు వారాలు పక్కన పెట్టించాను. తిరిగి మొదలుపెట్టినప్పుడు అభ్యాసం తర్వాత రాయాల్సింది ఒక్కటే: భుజాలు ఎలా ఉన్నాయి. చెవి ఊసే లేదు.

తనిఖీలను ఒక ప్రయోగంగా చూశాం. వంటగదిలోకి వెళ్ళి వినకపోతే ఏమవుతుందని అడిగితే, "నాకు తెల్వకుండనే పెరుగుతది" అన్నారు. అంటే వినడం కాపలా. ఒక వారంపాటు రోజు విడిచి రోజు చేద్దామన్నాను: సోమవారం ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు విని చూసుకోవాలి, మంగళవారం అసలు వినకూడదు, అలా. వారం చివర అంకెలు పరిశీలిస్తే తనిఖీ ఉన్న రోజులకూ లేని రోజులకూ చప్పుడు అంకెలో తేడా లేదు. బాధ మాత్రం తనిఖీ రోజుల్లో రెండు మూడు అంకెలు ఎక్కువ. చెవుడొస్తుందన్న భయానికి మరో జవాబు ఆయన ఫైలులోనే ఉంది: నెలల తేడాతో తీసిన రెండు ఆడియోగ్రామ్‌లు దాదాపు ఒక్కటే. వాటిని పక్కపక్కన పెట్టి ఆయన చేతే చదివించాను. 'భయపడకండి' అని నేను అనలేదు. ఆ మాట ఎనిమిది నెలలుగా ఇంట్లో అందరూ అంటూనే ఉన్నారు.

అన్నిటికంటే కష్టమైంది నిశ్శబ్దం. టీవీ, ఫోన్, దూది ఏదీ లేకుండా డాబా మీద గదిలో ఇరవై నిమిషాలు కూర్చోవాలి. ముందు ఆయన ఊహ రాయించాను: "పది నిమిషాలకే తల పగులుతది, లేసి వస్త." ప్రతి ఐదు నిమిషాలకూ అంకెలు వేయమన్నాను. మొదటిసారి చప్పుడు 6, 7, 7, 6. బాధ 8, 8, 6, 4. పది నిమిషాల దగ్గర నిజంగానే లేవబోయారట, ఆగారు. అక్కడే లేచి ఉంటే ఆయన ఊహ నిజమని మెదడు రాసుకునేది. తర్వాత రోజూ చేశారు. వారం తిరిగేసరికి బాధ 4 దగ్గర మొదలై 2కు దిగింది, చప్పుడు 6 దగ్గరే ఉంది. ఆ నోట్‌బుక్ పేజీలో రెండు గీతలు విడిపోవడం కళ్ళకు కనిపిస్తుంది.

నిద్ర విషయంలో మామూలు నిద్రలేమికి వాడే పద్ధతే వాడాం. రాత్రి షిఫ్టులు కొన్నాళ్ళు ఆపించుకోమని చెప్పి, డాక్టర్ ఉత్తరం ఇప్పించాను. ఆయన తొమ్మిదిన్నరకు పడుకుని ఆరింటికి లేస్తున్నారు. మంచం మీద ఎనిమిదిన్నర గంటలు, నిద్ర ఐదు. మిగిలిన మూడున్నర గంటలు చప్పుడు వినడానికి ఇచ్చినట్టే. పదకొండున్నర నుంచి ఐదున్నర వరకు ఆరు గంటలే మంచం అని పెట్టాం. ఇరవై నిమిషాలకు పైగా మెలకువగా ఉన్నట్టు అనిపిస్తే లేచి హాల్లో కూర్చోవాలి, నిద్ర వచ్చాకే తిరిగి పడుకోవాలి. ఐదు గంటలే నిద్రపోయేవారికి మంచం సమయాన్ని ఐదు గంటలకు కుదించడం ఉంది, కానీ మిషన్ల మధ్య పనిచేసే మనిషికి అంత కోత పెట్టే ధైర్యం చేయలేదు. ఆరు గంటలు పెట్టినా మొదటి వారం మత్తుగానే ఉన్నారు, ఆ వారం బెల్టుల దగ్గర కాకుండా బస్తాల లెక్క చూశారు. మూడో వారానికి ఆరింటిలో ఐదుంపావు గంటలు నిద్ర వస్తోంది. అప్పటి నుంచి వారానికి పదిహేను నిమిషాల చొప్పున పెంచాం. రాత్రి టీవీ తీసేశాం, ఫ్యాను ఉంచాం. వెనక సన్నగా ఏదో ఒక చప్పుడు ఉండటం మంచిదే, చెవిలోని మోతను ముంచేసేంత పెద్దది మాత్రం వద్దు. ముంచేస్తే దాన్ని వినడం అలవాటయ్యే అవకాశమే ఉండదు.

దూది, ప్లగ్స్ గురించి ఆయనకు కొంచెం గందరగోళం వచ్చింది. ఇంట్లో దూది తీసేయమని, మిల్లులో ప్లగ్స్ పెట్టుకోమని ఒకే నోటితో చెప్పాను మరి. తేడా ఇది: ఇంటి చప్పుళ్ళు చెవికి హాని చేయవు, అక్కడ మూసుకుంటే లోపలి మోతే పెద్దగా వినపడుతుంది, బయటి చప్పుళ్ళు భరించే శక్తి కూడా తగ్గుతుంది. 85 డెసిబెల్స్ దాటినచోట గంటల తరబడి ఉంటే వినికిడి పోతుంది, అక్కడ ప్లగ్స్ తప్పనిసరి. మొదట ప్లగ్స్ పెట్టుకుని మిల్లులో ఉండలేకపోయారు, కీచుమోత వినపడుతుందని. డాబా మీద నిశ్శబ్దం అలవాటయ్యాకే అది కుదిరింది. వరుస తారుమారు చేసి మొదటి రోజే ప్లగ్స్ పెట్టుకోమని ఉంటే జేబులోనే ఉండేవి.

చికిత్స చివర్లో దగ్గరి బంధువుల ఇంట్లో పెళ్ళి వచ్చింది. ప్లగ్స్ పెట్టుకునే వెళ్ళారు. అయినా మర్నాడు చప్పుడు 9 అని వేశారు, రాత్రి వంటగదికి కూడా వెళ్ళారు. ఇలాంటిది వస్తుందని ముందే మాట్లాడుకుని, ఏం చేయాలో ఒక కార్డు మీద రాసి ఉంచాం: తనిఖీ వద్దు, యూట్యూబ్ వద్దు, డ్యూటీ మానొద్దు, రెండు వారాలు దాటినా తగ్గకపోతే లేదా వినికిడి తగ్గినట్టు ఉంటే డాక్టర్‌కు ఫోన్. నాలుగో రోజుకు 6కు దిగింది. దిగిందన్నది కాదు నాకు ముఖ్యం. 9 ఉన్న రోజున బాధ దగ్గర 5 వేశారు.

పది సెషన్ల తర్వాత టీహెచ్‌ఐ 68 నుంచి 30కి వచ్చింది, నిద్రలేమి 19 నుంచి 9కి. భజనకు వెళ్తున్నారు. చప్పుడు గురించి ఆయన సొంత అంకె 7 నుంచి 6. "ఉంది మేడమ్, ఉంటది. యాదికొస్తే వింట, లేకుంటే లేదు."

ఈ 38 పాయింట్ల తగ్గుదలను చూసి అందరికీ ఇంతే వస్తుందని చెప్పలేం. 2020లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 28 అధ్యయనాలను కలిపి చూసింది. వాటిలో చికిత్స కోసం ఇంకా వేచి ఉన్నవాళ్ళతో పోలిస్తే సీబీటీ తీసుకున్నవాళ్ళ టీహెచ్‌ఐ సగటున 11 పాయింట్ల దాకా తక్కువగా ఉంది. ఏడు పాయింట్ల తేడాను రోగికి తెలిసేంత మార్పుగా లెక్కిస్తారు, కాబట్టి సగటు లాభం నిజమే కానీ మరీ పెద్దది కాదు. ఆరు నెలలు, ఏడాది తర్వాత ఆ లాభం ఎంత నిలుస్తుందో చెప్పే సమాచారం ఆ సమీక్షకు దొరకలేదు. 2010 నాటి పాత సమీక్షలో చప్పుడు సైజులో తేడా కనిపించలేదు. సత్తయ్యకు ఎక్కువ లాభం రావడానికి నా అంచనాలో కారణం, ఆయన బాధలో పెద్ద వాటా తనిఖీలదీ నిద్రదీ కావడం. అవి మార్చగలిగేవి. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నప్పుడు ముందు దానికి వైద్యం చేయాలి. పరిహారం కేసు కోర్టులో నడుస్తూ చప్పుడు ఎంత బాధిస్తుందో ప్రతి నెలా నిరూపించుకోవాల్సిన స్థితిలో ఉన్నవాళ్ళకు కూడా ఈ పని చాలా నెమ్మదిగా సాగుతుంది.

మిగిలిపోయింది వినికిడి యంత్రం. ఆయన వినికిడికి అది పనికొస్తుందని ఆడియాలజిస్టు చెప్పారు, బయటి చప్పుళ్ళు బాగా వినపడితే లోపలిది వెనక్కి తగ్గడం కూడా చాలామందిలో చూస్తాం. సత్తయ్య ఒప్పుకోలేదు. అల్లుడి ముందు పెట్టుకోవడానికి నామోషీ అన్నారు. మూడు నెలల తర్వాత రివ్యూకు రమ్మన్నాను, అప్పుడు ట్రయల్‌కు ఇప్పించమని ఆడియాలజిస్టుకు రాసి పంపాను.